ముందొక సాలు మీద కొట్టి చూడాలి

మామగారి భార్యను చంపింది రోగం కాదు, సీటీ స్కాన్ మిషను. ఆ ఇంట్లో ఇది వాదనకు వదిలిన విషయం కాదు. మిషను దగ్గరకు ఆమె తన కాళ్ళ మీద తాను నడిచి వెళ్ళింది. బయటికి వచ్చాక రెండు నెలలు కూడా బతకలేదు. మధ్యలో ఏం జరిగిందో తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదని మామగారి అభిప్రాయం. పైగా ఆ రోజు తెల్లకోటు వేసుకున్న మనిషి ఒకడు వరండాలోకి వచ్చి, "ఈమెతో వచ్చినవాళ్ళెవరు?" అని అడిగి, ఆయన్ని గోడ పక్కన నిలబెట్టి, కూర్చోమని కూడా అనకుండా, నాలుగు ముక్కల్లో చెప్పి వెళ్ళిపోయాడు. మిషనునైనా ఏదో ఒకనాడు క్షమించేవాడేమో గాని, ఆ నిలబెట్టడాన్ని ఆయన క్షమించలేదు.

అలాంటి మనిషి అల్లుడికే ఇప్పుడు సీటీ స్కాన్ రాశారు.

అల్లుడు రైతు. పాతికేళ్ళు దాటి ఎంతో కాలం కాలేదు. కుడి డొక్కలో నొప్పి వస్తూ పోతూ ఉంటే పక్క ఊళ్ళో డాక్టరుకు చూపించుకున్నాడు. ఆయన కడుపు మీద చల్లటి జిగురు రాసి, చిన్న మిషను పెట్టి చూసి, కాలేయం మీద మచ్చలాంటిది ఉందన్నాడు. ఏ మచ్చో చెప్పమంటే చెప్పలేనన్నాడు. పట్నంలో పెద్దాసుపత్రికి వెళ్ళి, రక్తనాళాల్లోకి మందు ఎక్కించి సీటీ తీయిస్తే తేలుతుందన్నాడు. మూత్రపిండాలు ఆ మందును తట్టుకుంటాయో లేదో చూడటానికి ముందే రక్తపరీక్ష కూడా చేయించి పంపాడు. రైతుకు ఇంటి దగ్గర ఒక భార్య, ఇంకా మాటలు రాని కూతురు, చేతికందబోతున్న మొక్కజొన్న చేను ఉన్నాయి. ఆ మచ్చ ఏమిటన్నది వీళ్ళందరికీ కావాలి.

ఆ ఉదయం వేసుకున్న ఏర్పాటు చాలా మామూలుది. మొదటి బస్సుకు వెళ్ళాలి. స్కాన్ తీయించుకోవాలి. సాయంత్రం కరెంటు వచ్చే వేళకు తిరిగొచ్చి మోటారు వేయాలి. తోడుగా మామగారు వెళ్ళాలి. ఈ చివరి భాగం ఎవరూ చేసిన ఏర్పాటు కాదు. మామగారు అడిగితే వచ్చినవాడు కాదు, అడక్కుండానే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"నాన్నా, అక్కడ ఎవరితోనూ గొడవ పెట్టుకోకు," అంది రైతు భార్య.

"నేనెందుకు పెట్టుకుంటాను. వాళ్ళే పెడతారు."

"టిఫిన్ చేసి వెళ్ళు. ఖాళీ కడుపుతో ఉండాల్సింది ఆయన. నువ్వు కాదు."

"అల్లుడు పస్తుంటే ఎదురుగా కూర్చుని నేను మింగనా? సిగ్గులేదా నాకు?" అని మామగారు చక్కెర జబ్బు బిళ్ళ మాత్రం నోట్లో వేసుకుని, చెంబెడు నీళ్ళు తాగి, బస్సెక్కేశాడు.

బస్సులో రైతు కిటికీ పక్కన కూర్చుని, విన్నవన్నీ ఒకటొకటిగా నెమరేసుకున్నాడు. ట్రాక్టరు డ్రైవరు చెప్పినదాని ప్రకారం మనిషిని గొట్టంలోకి తోసి మూత బిగిస్తారు. ఎరువుల కొట్టు యజమాని చెప్పినదాని ప్రకారం సూది మందు ఎక్కగానే ఒళ్ళు మొత్తం మంటెక్కిపోతుంది, కొందరికి లేవడం కూడా ఉండదు. పాలు పోయించుకునే ఆమె చెప్పినదాని ప్రకారం ఆ కిరణాలు ఒంట్లోనే ఉండిపోతాయి, ఇంటికొచ్చాక పసిపిల్లను ఎత్తుకోకూడదు. ముగ్గురిలో ఒక్కరూ స్కాన్ తీయించుకున్నవాళ్ళు కారు. ఆ సంగతి రైతుకు తెలుసు. అయినా చివరి మాట మాత్రం మనసులోంచి పోలేదు.

"మామయ్యా, అత్తయ్యకు లోపల ఎలా ఉందో ఎప్పుడైనా చెప్పిందా?"

"చెప్పలేదు."

"మీరడగలేదా?"

"బయటికొచ్చాక అడగాల్సినవి వేరే వచ్చిపడ్డాయి," అని మామగారు ముందు సీటు వెనక ఎవరో గీకిన పేరును చూస్తూ ఉండిపోయాడు.

ఆసుపత్రిలో స్కాన్ గది నేలకింద అంతస్తులో ఉంది. మెట్లు దిగుతుంటే చల్లదనం పాదాల దగ్గర మొదలై పైకెక్కింది. వరసగా ఇనుప కుర్చీలు, ఒక మంచినీళ్ళ డబ్బా, ఎదురుగా మందపాటి తలుపు. తలుపు మీద ఎర్ర దీపం. అది వెలుగుతున్నంతసేపు ఎవరూ లోపలికి పోకూడదని గోడ మీద రాసి ఉంది.

నర్సు అట్ట మీద కాగితం పెట్టుకుని వచ్చింది. ముఖంలో కోపం లేదు, నవ్వూ లేదు.

"ఏమైనా తిన్నారా పొద్దున?"

"లేదండి," అన్నాడు రైతు.

"ఇంతకుముందు ఏ ఇంజెక్షన్‌కైనా దద్దుర్లు, ఆయాసం?"

"లేదండి."

"ఉబ్బసం? షుగర్? కిడ్నీ జబ్బు?"

"అతనికి ఏదీ లేదమ్మా," అన్నాడు మామగారు. "ఒక్క మచ్చ తప్ప. అది కూడా మీవాళ్ళే ఉందన్నారు."

నర్సు ఆయన్ని ఒకసారి చూసి, రక్తపరీక్ష కాగితం తీసుకుంది. రైతు మణికట్టుకు పేరున్న పట్టీ కట్టింది. మోచేతి మడతలో సూది గుచ్చి, సన్నటి గొట్టం అమర్చి, టేపు అంటించింది. తరవాత పెద్ద నీళ్ళ సీసాలో ఒక మందు పోసి, బాగా గిలక్కొట్టి, ప్లాస్టిక్ గ్లాసుతో సహా ఇద్దరి మధ్య కుర్చీలో పెట్టింది.

"ఇది కొంచెం కొంచెంగా తాగాలి. గబగబా కాదు. గంటసేపు పడుతుంది. పేగులు నిండితే ఫొటోలో తెల్లగా, విడిగా కనిపిస్తాయి. లేకపోతే ఏది పేగో, ఏది గడ్డో పోల్చుకోవడం కష్టం. చివరి గ్లాసు మాత్రం నేనే వచ్చి తాగిస్తాను." ఇంకో మనిషి పిలిస్తే అటు వెళ్ళిపోయింది.

రైతు గ్లాసు నింపుకున్నాడు. నోటి దాకా తెచ్చాడు. మామగారు గ్లాసు మీద అరచెయ్యి పెట్టాడు.

"ఆగు."

"ఏం మామయ్యా?"

"మొన్న పురుగుకి కొత్త మందు తెచ్చినప్పుడు ఏం చేశావ్? చేనంతా కొట్టేశావా?"

"ముందొక సాలు మీద కొట్టి చూశాను."

"ఎందుకు?"

"ఆకు మాడుతుందేమో చూద్దామని."

"మరి?" అన్నాడు మామగారు. "గుప్పెడు మొక్కలకే అంత జాగ్రత్త పడ్డావే. నా కూతురి కాపురానికి ఆమాత్రం జాగ్రత్త వద్దా?" అని గ్లాసు లాక్కుని తాగేశాడు.

రైతుగా చూస్తే ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

"ఎలా ఉంది?"

"కొంచెం చేదు. కొంచెం తియ్యన. ఏదీ పూర్తిగా లేదు."

ఇద్దరూ ఎదురుచూశారు. ఎర్ర దీపం వెలిగింది, ఆరింది. ఒక ముసలమ్మను చక్రాల కుర్చీలో లోపలికి తోసుకెళ్ళి మళ్ళీ తీసుకొచ్చారు. మామగారికి ఏమీ కాలేదు.

"బాగానే ఉన్నారు కదా. ఇక నేను తాగుతాను."

"ఒక్క గ్లాసుతో ఏం తెలుస్తుందయ్యా? డబ్బాకు చెంచాడు కలిపి కొట్టడం, గిన్నెడు కలిపి కొట్టడం ఒకటేనా? నువ్వు తాగాల్సింది సీసాడు. పరీక్ష కూడా సీసాడుతోనే."

"అప్పుడు నాకేం మిగులుతుంది మామయ్యా?"

"నేను నిలబడితే ఇంకో సీసా అడుగుదాం. నీళ్ళేగా కలిపారు, పోయేదేముంది?"

రైతు ఒక్క గ్లాసైనా ఇమ్మని బతిమాలి, సాధించి, తాగాడు. చివరి గ్లాసు వదిలి మిగతాదంతా మామగారు ఒక్కో గ్లాసు చొప్పున, ఒక్కో గ్లాసుకూ ముఖం చిట్లిస్తూ, పూర్తి చేశాడు. అంత శ్రద్ధగా ఆయన తన సొంత మందు ఎన్నడూ తాగి ఎరగడు.

ఇక్కడ ఇద్దరి లెక్కా తప్పింది. ముందు వంతున్న మనిషి రాలేదు. నర్సు గబగబా వచ్చి సీసా ఎత్తి చూసింది. అడుగున ఒక్క గ్లాసు మిగిలింది.

"అబ్బ, చక్కగా తాగేశారే! అందరితో పోరాడాల్సి వస్తుంది మాకు. ఇదిగో, ఈ చివరిది పట్టండి." రైతు చేతిలో గ్లాసు పెట్టింది. అతను తాగేశాడు. "పదండి, మీ వంతే."

"అమ్మాయ్, అది..." అన్నాడు మామగారు లేచి.

"మీరు ఇక్కడే కూర్చోండి పెద్దాయనా. లోపలికి తోడు రాకూడదు."

మందపాటి తలుపు మూసుకుంది. ఎర్ర దీపం వెలిగింది.

లోపల రైతు చొక్కా, పంచె విప్పి, వెనక ముడేసే వదులు గౌను తొడుక్కున్నాడు. మొలతాడుకున్న వెండి బిళ్ళ కూడా తీయించారు. లోహం ఉంటే ఫొటోలో చారలు పడతాయన్నారు. అప్పుడు చూశాడు మిషన్ని. గొట్టం కాదది. మూత కూడా లేదు. నిలబెట్టిన పెద్ద గుండ్రటి చట్రం. లావుపాటి ట్రాక్టరు టైరును పాలలో ముంచి తీసినట్టుంది. అటువైపు గోడ కూడా కనబడుతోంది. ట్రాక్టరు డ్రైవరు మీద అతనికి ఉన్న నమ్మకం అక్కడితో పోయింది. మిగతా ఇద్దరి మాటలు మాత్రం మిగిలాయి.

సన్నటి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. చేతులు తల మీదుగా వెనక్కి పెట్టించారు. ఎర్రటి సన్న గీత ఒకటి గౌను మీద పడి పొట్టను అడ్డంగా కోసినట్టు నిలిచింది.

"కదలకూడదు," అన్నాడు టెక్నీషియన్. "మిషను ఊపిరి పట్టమంటే పట్టండి, వదలమంటే వదలండి. నేను అద్దం అవతల ఉంటాను. మైకులో వినబడతాను. ముందు మందు లేకుండా ఒకసారి తీసి, తరవాత మందు ఎక్కిస్తాం."

బల్ల తనంతట తానే లోపలికి జారింది. చట్రంలో ఏదో గిర్రున తిరగడం మొదలైంది. పిండిమర దూరం నుంచి విన్నట్టు చప్పుడు. ఎవరిదో పరిచయం లేని గొంతు, ఊపిరి తీసుకుని పట్టమంది. పట్టాడు. బల్ల కదిలింది. వదలమంది. వదిలాడు. అంతే. రైతు ఇంకా దేనికోసమో ఎదురుచూస్తున్నాడు.

మైకు గరగరమంది. "బాబూ, సీసా మొత్తం తాగావా?"

రైతు కదల్లేదు. కదలొద్దన్నారు. మాట్లాడితే పొట్ట కదులుతుంది.

"బాబూ, నిన్నే. సీసా తాగావా లేదా? పేగుల్లో ఏమీ కనబడటం లేదు."

రైతు ఊపిరి కూడా బిగబట్టాడు.

టెక్నీషియన్ తలుపు తీసుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఇప్పుడు మాట్లాడవచ్చు. సీసా ఎవరు తాగారు?"

"మామయ్యండి."

"ఎందుకు?"

"ముందొక సాలు మీద..." అని రైతు మొదలుపెట్టి, ఈ మాట చెప్పడానికి ఇది తగిన చోటు కాదని అర్థమై ఆగిపోయాడు. "మంచిదో కాదో చూద్దామని."

టెక్నీషియన్ చాలామందిని చూసినవాడు. ఇలాంటివాళ్ళను చూడలేదు. "లే. మళ్ళీ తాగాలి. ఒక ఫొటో వృథా అయింది, నీకు ఊరికే ఇంకొంచెం కిరణాలు. చేతికున్న గొట్టం అలాగే ఉండనీ. నీ మామయ్య సంగతి నేను చూస్తాను."

బయట మామగారి పరిస్థితి అప్పటికే బాగాలేదు. చేతులు సన్నగా వణుకుతున్నాయి. మెడ వెనక చెమట. కళ్ళ ముందు గోడ మీది అక్షరాలు దగ్గరికొస్తూ పోతున్నాయి. మందు పని చేస్తోందని ఆయన నిర్ధారించుకున్నాడు. అల్లుడు సీసా మొత్తం తాగనందుకు లోలోపల సంతోషించాడు కూడా.

అప్పుడు ఎర్ర దీపం ఆరింది. అంత తొందరగా ఆరకూడదు. తలుపు తెరుచుకుంది. గౌనులోనే ఉన్న అల్లుడు తల వంచుకుని నిలబడి ఉన్నాడు. వాడి ముందు ఒక తెల్లకోటు.

"ఇతనితో వచ్చినవాళ్ళెవరు?"

అవే మాటలు. 'ఈమె' పోయి 'ఇతను' వచ్చింది, అంతే తేడా. మామగారు లేచి నిలబడ్డాడు. ఈసారి ఎవరూ నిలబెట్టకముందే తనే నిలబడాలనుకున్నాడు.

"నేనే. నాకు చెప్పండి. వాడికి చెప్పకండి. పసిపిల్ల ఉంది వాడికి. ఏదైనా కోసి తీయాల్సి ఉంటే నాది తీసి వాడికి పెట్టండి. నేను చూడాల్సినవన్నీ చూశాను," అన్నాడు. కళ్ళలో నీళ్ళున్నాయి. కూతురు పెళ్ళినాడు కూడా అవి కనబడలేదు.

"పెద్దాయనా, సీసా మీరు తాగారా?"

"తాగాను," అన్నాడు మామగారు. అలాగే కూలిపోయాడు.

రైతు చూస్తున్నాడు. సాలు మాడింది. కళ్ళ ముందే, గంట తిరక్కుండా, నిలువునా మాడింది.

నర్సు పరుగెత్తుకొచ్చింది. టెక్నీషియన్, ఇంకొకతను కలిసి ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి తోసుకుపోయారు. రైతు వెనకాలే వెళ్ళబోతే, గౌను వెనక ముడి ఊడిందని ఎవరో అరిచారు. అతను రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని అక్కడే నిలిచిపోయాడు. కాసేపటికి, లోపలికెళ్తూ కుర్చీలో వదిలిన ఫోను మోగింది. భార్య.

"ఏవండీ, అయిపోయిందా?"

"అవుతోంది." రైతు ఒక చేత్తో గౌను పట్టుకున్నాడు. "ఇదిగో, మోటారు స్టార్టరు ఒకసారి నొక్కితే అంటుకోదు. నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కాలి. నీకు తెలియదని చెబుతున్నాను."

"ఇప్పుడెందుకు చెబుతున్నారు? సాయంత్రం మీరొస్తారుగా?"

"చేనుకు పడమటి గట్టు మనదే. ఎవరు ఏమన్నా మనదే."

"నాన్నకివ్వండి."

"మామయ్య... పడుకున్నాడు."

"ఆసుపత్రిలో నాన్న పడుకున్నాడా? గొడవ పెట్టుకోకుండా?"

"గొడవేం లేదు. ఎవరినీ ఏమీ అనలేదు."

భార్య ఫోను పెట్టేసింది. తండ్రి ఆసుపత్రికి వెళ్ళి ఎవరినీ ఏమీ అనలేదంటే, ఇక ఆమెకు వేరే చెప్పాల్సిన పని లేదు.

తెర కట్టిన గదిలో మామగారి వేలు గుచ్చి చూశారు. చక్కెర బాగా పడిపోయింది. రక్తనాళంలోకి గ్లూకోజు ఎక్కించారు. ఎక్కుతుండగానే ఆయన కళ్ళు తెరిచాడు. తెరిచిన వెంటనే అడిగింది అల్లుడి గురించి.

"మీ అల్లుడికేం కాలేదు," అంది నర్సు. "మీకే అయింది. చక్కెర బిళ్ళ వేసుకున్నారా పొద్దున?"

"వేసుకున్నాను."

"ఏం తిన్నారు?"

"తినలేదు."

"ఎందుకు తినలేదు?"

మామగారు పైకప్పు వైపు చూశాడు. ఆ ప్రశ్నకు జవాబు పరాయివాళ్ళతో చెప్పేది కాదు.

"బిళ్ళ చక్కెరను దించుతుంది. ఎక్కించడానికి కడుపులో తిండి లేదు. అందుకే పడిపోయారు. ఆ సీసాతో ఏ సంబంధం లేదు. దాంతో మహా అయితే విరేచనం అవుతుంది. ఇంకాసేపట్లో అదీ తెలుస్తుంది." అని నర్సు తెర తీసి, బయట గౌను పట్టుకుని నిలబడ్డ రైతును లోపలికి పిలిచింది. ఆమె చేతిలో ఇంకో సీసా ఉంది, నిండుగా. దాన్ని మామగారి మంచం పక్కనే పెట్టింది. "ఇక్కడే కూర్చుని తాగండి. నా కళ్ళ ముందు. ఒక్క చుక్క కూడా ఆయనకు పోకూడదు."

రైతు గ్లాసు నింపుకున్నాడు. మామగారి ముఖం చూశాడు. ఆ ముఖం ఇంకా తెల్లగానే ఉంది. గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగింది.

"తాగు," అన్నాడు మామగారు.

"మీరే పడిపోయారు కదా మామయ్యా."

మామగారు ఇన్నేళ్ళుగా ఆసుపత్రి తప్పు లేదని ఒక్కసారి కూడా అనని మనిషి. ఆ మాట గొంతులోంచి రావడానికి గ్లూకోజు సగం సీసా పట్టింది.

"మందు తప్పు కాదు. చేనే ఎండిపోయి ఉంది. తాగు."

రైతు తాగాడు. ప్రతి గ్లాసుకూ ముందు మామగారిని చూశాడు. ప్రతి గ్లాసుకూ మామగారు తల ఊపాడు. మూడో గ్లాసు దగ్గర మామగారు నర్సును పిలిచి, మరుగుదొడ్డి ఎటని అడిగాడు. నర్సు చెప్పింది నిజమేనని తేలిపోయింది. రైతుకు దాంతో ఎంతో ధైర్యం వచ్చింది.

రెండోసారి పడుకున్నప్పుడు బల్ల కొంచెం పరిచయంగా అనిపించింది. మందు లేకుండా తీశారు. ఈసారి పేగులు కనబడుతున్నాయని మైకు చెప్పింది. చేతి గొట్టానికి పొడవైన తీగలాంటిది తగిలించారు. "ఇప్పుడు మందు ఎక్కుతుంది. ఒళ్ళు వెచ్చబడుతుంది. నోట్లో ఇనుము రుచి వస్తుంది. ఉచ్చ పోసుకున్నట్టు అనిపిస్తుంది, పోసుకోవు. భయపడకు. చెయ్యి నొప్పెడితే, గొంతు పట్టేస్తే మాత్రం వెంటనే చెప్పు," అన్నాడు టెక్నీషియన్.

అన్నీ ముందే చెప్పినా, వచ్చినప్పుడు అవి కొత్తగానే వచ్చాయి. గొంతు దగ్గర మొదలైన వేడి ఛాతీ మీదుగా పొట్టలోకి, అక్కణ్ణుంచి తొడల మధ్యకు దిగింది. పోసేసుకున్నానని రైతుకు ఖాయమైపోయింది. చచ్చిపోతున్నానన్న భయం కంటే ఆసుపత్రి బల్ల తడిపానన్న సిగ్గు ముందొచ్చింది. ఊపిరి పట్టమంది గొంతు. పట్టాడు. కూతురు గుర్తొచ్చింది. అది స్నానం చేయిస్తుంటే ఊపిరి బిగబట్టి, కళ్ళు మూసుకుని, నీళ్ళు పోసేదాకా నమ్మకంగా కూర్చుంటుంది. వదలమంది. వదిలాడు. వేడి తగ్గింది. మళ్ళీ పట్టమంది, వదలమంది. మందు కాలేయంలో ఎలా నిండుతుందో చూడాలని, కొంతసేపు ఆగి ఇంకొకసారి తీశారు.

లేవగానే మొదట గౌను తడిమి చూసుకున్నాడు. పొడిగా ఉంది.

"బాబూ," అని రైతు టెక్నీషియన్‌ను మెల్లగా అడిగాడు. "ఇంటికెళ్ళి పిల్లను ఎత్తుకోవచ్చా?"

"ఎందుకెత్తుకోకూడదు?"

"కిరణాలు ఒంట్లో ఉంటాయంట."

"మిషను ఆగితే కిరణాలూ ఆగినట్టే. టార్చిలైటు ఆపాక వెలుగు నీ ఒంట్లో ఉంటుందా? మందు మాత్రం ఒంట్లోంచి పోవాలి. నీళ్ళు బాగా తాగు. పిల్లను ఎత్తుకో."

మందు పడకపోతే తెలుస్తుందని అరగంట కూర్చోబెట్టారు. దద్దుర్లు రాలేదు. చేతి గొట్టం తీసేశారు. సాయంత్రం దాకా ఆగితే ఫొటోలు చూసే డాక్టరమ్మ తనే మాట్లాడుతుందన్నారు.

ఆమె గది చిన్నది. బల్ల ముందు రెండు కుర్చీలున్నాయి. గోడ తెర మీద రైతు కడుపు ముక్కలు ముక్కలుగా వెలుగుతోంది.

"కూర్చోండి," అంది డాక్టరమ్మ.

మామగారి ముఖం రంగు మారింది. ఆనాడు కూర్చోమనలేదు. ఈనాడు కూర్చోమంటున్నారు. అంటే ఇది నిలబడి వినగలిగే సంగతి కాదు.

"నేను నిలబడే వింటాను," అన్నాడు.

"మీరే కదా పొద్దున పడిపోయింది? కూర్చోండి."

"చెప్పండి ముందు."

డాక్టరమ్మ వాదించలేదు. తెర మీద వేలు పెట్టింది. "ఇదీ ఆ మచ్చ. మందు ఎక్కిన కొత్తలో చూడండి, అంచున మాత్రమే వెలిగింది. కాసేపాగి తీసినదాంట్లో లోపలి దాకా మెల్లగా నిండింది. చెడ్డ గడ్డలు ఇలా నిండవు. ఇది సన్నటి రక్తనాళాలు చుట్టుకున్న ఉండ. చాలామందికి ఉంటుంది, తెలియకుండానే బతికేస్తారు. ప్రమాదం లేదు, కోయక్కర్లేదు. ఆరు నెలల తరవాత జిగురు రాసి చూసే చిన్న పరీక్ష ఒకటి చేయించండి, చాలు."

"మరి నొప్పి?" అన్నాడు రైతు.

"ఏం బరువులు మోస్తారు?"

"పురుగు మందు కొట్టే డబ్బా. వీపుకు తగిలించుకుంటాం."

"పట్టీలు రెండూ వేసుకుంటారా?"

రైతు కుడి భుజం తడుముకున్నాడు. ఎడమ పట్టీ తెగి రెండు పంటలైంది. అప్పట్నుంచీ బరువంతా కుడి భుజం మీదే.

"ఒకపక్కకే వంగి మోస్తే డొక్క పట్టేస్తుంది. ఆ పట్టీ కుట్టించుకోండి. అప్పటికీ తగ్గకపోతే మీ డాక్టరుకు మళ్ళీ చూపించుకోండి."

అప్పుడు మామగారు కూర్చున్నాడు. కుర్చీ రెండడుగుల దూరంలో ఉంది. అంతదాకా వెళ్ళే ఓపిక లేక నేల మీదే కూర్చున్నాడు. ఎవరూ లేపలేదు. డాక్టరమ్మ తన నీళ్ళ గ్లాసు కిందికి అందించింది. ఆయన దాన్ని ఎవరితోనూ ముందు రుచి చూపించకుండా తాగాడు.

తిరుగు బస్సులో జనం లేరు. రైతు ఫోను చార్జి అయిపోయి ఆరిపోయింది. మామగారి ఒళ్ళో ఆసుపత్రి క్యాంటీనులో కొన్న బన్నుల పొట్లం ఉంది. ఇద్దరూ చెరొకటీ తింటున్నారు. పట్నం దాటాక మామగారు కిటికీలోంచి చూస్తూ అడిగాడు.

"లోపల ఎలా ఉంటుంది?"

రైతుకు అర్థమైంది, ఎవరి కోసం అడుగుతున్నాడో. బన్ను పక్కన పెట్టాడు.

"నొప్పేం ఉండదు మామయ్యా. గది చల్లగా ఉంటుంది."

"ఆమె చలికి ఓర్చుకునేది కాదు."

"కాసేపే. తరవాత మందు ఎక్కితే ఒళ్ళంతా వెచ్చగా అవుతుంది. దుప్పటి కప్పినట్టు."

"భయం వేస్తుందా?"

"వేస్తుంది. కానీ ఒక గొంతు వినబడుతూ ఉంటుంది. ఊపిరి పట్టమంటుంది, వదలమంటుంది. ఎవరో తోడున్నట్టే ఉంటుంది."

"మూత వేయరా?"

"మూతే లేదు. అవతలి గోడ కనబడుతుంది."

మామగారు తల ఊపాడు. మళ్ళీ ఊపాడు. బస్సు రెండు ఊళ్ళు దాటింది.

"మరి రోగం ఆమె లోపల ముందే ఉందన్నమాట," అన్నాడు చివరికి. రైతు బన్ను మళ్ళీ అందుకున్నాడు. అది అతన్ని అడిగిన మాట కాదు.

బస్సు దిగేసరికి చీకటి పడుతోంది. మధ్యాహ్నం బస్సు తప్పిపోయిన భార్య పిల్లను చంకనేసుకుని, బట్టల సంచితో, పట్నం వెళ్ళే ఆఖరి బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. దిగినవాళ్ళను చూసి, మొదట గుర్తుపట్టలేదు. తరవాత సంచి కింద పడేసింది. రైతు పిల్లను అందుకున్నాడు. ఒక్క క్షణం ఆగి, గట్టిగా ఎత్తుకున్నాడు.

"ఏమన్నారు? ఏమైంది?" అంది ఆమె.

"ఏమీ లేదన్నారు. మచ్చ ప్రమాదం కాదంట. డబ్బా పట్టీ కుట్టించుకోమన్నారు."

"మరి ఆ గట్టూ, ఆ మోటారూ..." అని ఆమె ఆగింది. తండ్రి చేతికి అంటించిన దూదిని చూసింది. "నాన్నా! సూది నీకెందుకు గుచ్చారు? స్కాన్ ఆయనకైతే నీకేమైంది? ఏం చేశావక్కడ?"

మామగారు దూది పీకి రోడ్డు పక్కన పడేశాడు. బట్టల సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"ఆ ఊసు ఇవాళ్టితో సరి. మిషను సంగతి గాని, మీ అమ్మ సంగతి గాని, నా సంగతి గాని, ఇక నా ముందు ఎవరూ ఎత్తొద్దు. నేనూ ఎత్తను," అని ఇంటి దారి పట్టాడు.

అన్నమాట ప్రకారమే మళ్ళీ ఎత్తలేదు. చక్కెర బిళ్ళ మాత్రం ఆ రోజు నుంచి కంచం ముందు పెట్టుకున్నాకే వేసుకుంటున్నాడు.